పోస్టర్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ కావాలంటే: గడి ఎంతుండాలి, చుట్టూ ఎంత వదలాలి

ప్రశ్న: మా అమ్మ నల్లకుంటలో వీణ నేర్పిస్తారు. వేసవి బ్యాచ్ కోసం ఏ3 పోస్టర్లు 200 వేయిద్దామని ముందు ఒక శాంపిల్ తీయించాం. మెరూన్ బ్యాక్‌గ్రౌండ్, కింద కుడి మూలలో బంగారు రంగులో 2.5 సెంటీమీటర్ల క్యూఆర్ కోడ్, మధ్యలో చిన్న వీణ బొమ్మ. స్కాన్ చేస్తే గూగుల్ ఫామ్ తెరుచుకోవాలి. లాప్‌టాప్ స్క్రీన్ మీద వెంటనే స్కాన్ అవుతోంది. ప్రింట్ మీద మాత్రం నా ఫోన్‌లో ఒకసారి అయితే మరోసారి కావట్లేదు, నాన్న ఫోన్‌లో అయితే అసలు పట్టుకోవట్లేదు. సైజు ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? ప్రెస్ వాళ్ళ తప్పా?

సమాధానం:

ప్రెస్ వాళ్ళను ఏమీ అనకండి, ఆ డిజైన్‌ని ఎవరు ప్రింట్ చేసినా ఇలాగే వస్తుంది. 200 కొట్టించకముందే శాంపిల్ తీయించారు, డబ్బులు మిగిలాయి. చిక్కడపల్లిలో డిజైన్ పని చేస్తూ ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఈ క్యూఆర్ గొడవ వారానికి ఒకటైనా నా టేబుల్ మీదకు వస్తుంది. దాదాపు అందరూ మీలాగే "ఎన్ని సెంటీమీటర్లు పెట్టాలి" అని మొదలుపెడతారు. కోడ్ మొత్తం సైజు తర్వాత చూద్దాం. ముందు చూడాల్సింది అందులోని ఒక్క గడి సైజు.

క్యూఆర్ కోడ్‌ని గళ్ళ నుడికట్టులా ఊహించుకోండి. నల్ల గళ్ళు, తెల్ల గళ్ళు. అన్నిటికంటే చిన్న కోడ్‌లో అడ్డంగా 21, నిలువుగా 21 గళ్ళు ఉంటాయి. లోపల పెట్టే సమాచారం పెరిగేకొద్దీ ఒక్కో మెట్టుకు 4 గళ్ళ చొప్పున పెరుగుతూ 25, 29, 33 ఇలా 177 దాకా పోతుంది. మీరు కొలత 2.5 సెంటీమీటర్లని బిగించేశాక లోపల గళ్ళు ఎన్ని పెరిగితే ఒక్కో గడి అంత చిన్నదైపోతుంది. కెమెరాకి కావలసింది ఆ ఒక్క గడి నలుపో తెలుపో స్పష్టంగా కనబడటమే.

మీ లింకు సంగతి చూద్దాం. గూగుల్ ఫామ్ పూర్తి లింకు ఇలా ఉంటుంది:

```
https://docs.google.com/forms/d/e/…/viewform?usp=sf_link
```

ఆ చుక్కల చోట 56 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొత్తం కలిపితే 111 అక్షరాలు. పైగా మధ్యలో బొమ్మ పెట్టారు కాబట్టి, కోడ్ తయారుచేసిన సైటు, కొంత పాడైనా కోడ్ చదవగలిగేలా ఉంచే ఎర్రర్ కరెక్షన్‌ని అన్నిటికంటే పై స్థాయికి, అంటే H కి పెట్టి ఉంటుంది. ఆ స్థాయిలో 111 అక్షరాలు పట్టాలంటే 57 గళ్ళ కోడ్ కావాలి. మీ శాంపిల్ మీద లెక్కపెట్టి చూడండి, 57 వస్తుందనే నా అంచనా. 25 మిల్లీమీటర్లను 57తో భాగిస్తే ఒక్కో గడికి 0.44 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు కూడా లేదు.

ఫోన్ వైపు నుంచి కూడా చూద్దాం. నోటీసు బోర్డు ముందు నిలబడి చెయ్యి కాస్త చాపితే ఫోన్‌కీ పోస్టర్‌కీ మధ్య దూరం దాదాపు 60 సెంటీమీటర్లు. ఆ దూరంలో మామూలు ఫోన్ మెయిన్ కెమెరాకి అడ్డంగా 80 సెంటీమీటర్ల పైచిలుకు గోడ కనబడుతుంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళని డబ్బా మీద రాసినా, స్కాన్ చేసేటప్పుడు చాలా యాప్‌లు పూర్తి ఫోటో తీయవు. స్క్రీన్ మీద కదిలే వీడియో బొమ్మనే చదువుతాయి. అది సాధారణంగా 1920 పిక్సెళ్ళ వెడల్పు, కొన్నిటిలో 1280 మాత్రమే. 1920 పిక్సెళ్ళను 83 సెంటీమీటర్లకు పంచితే మిల్లీమీటరుకి రెండు పిక్సెళ్ళు దాటి కొంచెం. మీ 0.44 మిల్లీమీటర్ల గడికి దక్కేది ఒక్క పిక్సెల్. చెయ్యి వణికినా, ఫోకస్ కొంచెం తప్పినా పక్క గడితో కలిసిపోయి బూడిద రంగు ముద్ద అవుతుంది. నాన్నగారి ఫోన్ చేతులెత్తేయడానికి ఇది మొదటి కారణం. లాప్‌టాప్ మీద కోడ్‌ని పెద్దగా చేసి చూశారు, పైగా స్క్రీన్‌కి సొంత వెలుగుంది, అందుకే అక్కడ సాఫీగా పోయింది.

గడికి కనీసం మూడు పిక్సెళ్ళయినా దక్కాలి, నాలుగైదు ఉంటే నిశ్చింత. దీన్ని స్కేలు లెక్కలోకి మార్చి నేను వాడే సూత్రం ఒక్కటే: నిలబడే దూరాన్ని 250తో భాగించండి, వచ్చిందే గడి సైజు. "దూరంలో పదో వంతు కోడ్ ఉండాలి" అని అందరూ చెప్పే లెక్క కూడా ఇదే. కాకపోతే అది 25 గళ్ళ చిన్న కోడ్‌కి సరిపోయే లెక్క. 57 గళ్ళ కోడ్‌కి దాన్నే వాడి మోసపోయిన వాళ్ళు బోలెడుమంది.

మీకు 60 సెంటీమీటర్లు, అంటే 600 మిల్లీమీటర్లు. 250తో భాగిస్తే 2.4. లెక్కకు వీలుగా 2.5 మిల్లీమీటర్లు అనుకుందాం. 57 గళ్ళ కోడ్‌ని అలాగే ఉంచి గడిని 2.5 చేస్తే కోడ్ ఒక్కటే 14 సెంటీమీటర్లు దాటుతుంది. చుట్టూ వదలాల్సిన ఖాళీతో కలిపి 16. ఏ3 కాగితం వెడల్పే 29.7. వీణ పోస్టర్ కాస్తా క్యూఆర్ పోస్టర్ అయిపోతుంది. అందుకే కోడ్‌ని పెంచే ముందు లింకుని తగ్గించండి.

ఫామ్ లింకు కాపీ చేసుకునే చోటే `Shorten URL` అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే లింకు ఇలా మారుతుంది:

```
https://forms.gle/…
```

ఇది మొత్తం 35 అక్షరాలు. మధ్యలో బొమ్మ తీసేసి, ఎర్రర్ కరెక్షన్ M స్థాయిలో పెడితే 29 గళ్ళలో కుదిరిపోతుంది. 29 గళ్ళు, గడికి 2.5 చొప్పున 72.5 మిల్లీమీటర్లు. చుట్టూ ఖాళీ కలిపితే 92.5. అంటే సుమారు 9 సెంటీమీటర్ల తెల్ల చదరం. ఏ3 మీద అది చూడటానికీ ఇబ్బందిగా ఉండదు. ఏ ఖర్చూ లేకుండా 57 గళ్ళు 29కి దిగాయి చూశారా. లింకు పొట్టిగా చేయడానికి బయటి సైట్లు వద్దు. ఉచితంగా ఇచ్చినట్టే ఇచ్చి కొన్నాళ్ళకు ట్రయల్ అయిపోయిందంటే, గోడ మీది పోస్టర్ అలాగే ఉంటుంది, కోడ్ మాత్రం చచ్చిపోతుంది.

వీణ బొమ్మ తీసేయమంటే మీ అమ్మగారికి నచ్చకపోవచ్చు. ఎర్రర్ కరెక్షన్ ఉంటే బొమ్మ పెట్టినా పర్వాలేదని చాలామంది అంటారు, నిజమే. H స్థాయిలో సుమారు 30 శాతం దాకా, M లో 15 శాతం దాకా పాడైనా కోడ్ కోలుకుంటుంది. కానీ ఆ 30 శాతం ఉన్నది చిరుగులకీ మరకలకీ. బొమ్మ కోసం దాన్ని మనమే ముందుగా ఖర్చు పెట్టేస్తే, రేపు బోర్డు మీద ఎవరో పిన్ను గుచ్చినప్పుడు మిగిలేది తక్కువ. పైగా H పెట్టినందుకు గళ్ళు పెరిగి ఒక్కోటి చిన్నదైపోతుంది. మీ పొట్టి లింకునే H లో పెడితే 29 కాస్తా 37 అవుతుంది. బొమ్మను కోడ్ పక్కన పెద్దగా వేయించండి, అందంగానూ ఉంటుంది.

ఇక చుట్టూ వదలాల్సిన ఖాళీ. దీన్ని క్వైట్ జోన్ అంటారు. నాలుగు వైపులా నాలుగేసి గళ్ళంత వెడల్పున ఏమీ లేని తెలుపు ఉండాలని క్యూఆర్ ప్రమాణం చెబుతుంది. మీకైతే గడి 2.5 కాబట్టి ప్రతి వైపూ 10 మిల్లీమీటర్లు, ఒక సెంటీమీటరు. డిజైనర్లు మొదట కోసేసేది దీన్నే, ఎందుకంటే కంటికి అది వృథా జాగాలా కనిపిస్తుంది.

అది వృథా ఎందుకు కాదో చెబుతాను. కోడ్ మూడు మూలల్లో చదరంలో చదరం ఉంటుంది కదా, ఫోన్ ముందుగా వెతికేది వాటినే. ఆ చదరం మధ్యగా ఎటు నుంచి గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు వస్తాయి, వాటి వెడల్పులు 1, 1, 3, 1, 1 నిష్పత్తిలో ఉంటాయి. ఫోన్ పట్టుకునేది ఈ నిష్పత్తినే. ఇప్పుడు కోడ్ అంచుకి ఆనుకుని మెరూన్ రంగు వచ్చిందనుకోండి, బయటి నల్ల పట్టీ ఆ మెరూన్‌లో కలిసిపోతుంది. 1 ఉండాల్సిన చోట 10 కనబడుతుంది. నిష్పత్తి చెడింది కాబట్టి అక్కడ కోడ్ ఉన్నట్టే ఫోన్‌కి తెలియదు. ఎర్రర్ కరెక్షన్ కూడా ఇక్కడ ఆదుకోలేదు, అది పని మొదలుపెట్టాలంటే ముందు కోడ్ దొరకాలి కదా. కొత్త ఫోన్లు రెండు గళ్ళ ఖాళీతో కూడా లాగించేస్తాయి. పోస్టర్ చూసేవాళ్ళందరి దగ్గరా కొత్త ఫోన్లుండవు.

ఈ విషయంలో నేనే ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక ట్యూషన్ సెంటర్‌కి పోస్టర్లు చేస్తూ, తెల్ల డబ్బాలో ఉన్న కోడ్‌ని తీసుకెళ్ళి కాగితం కుడి అంచుకి ఆనించేశాను. ఖాళీ సరిగ్గానే పెట్టాను. కానీ కటింగ్ మిషన్ దగ్గర కట్ట కొంచెం జరిగి మూడు మిల్లీమీటర్లు పోయాయి. చిన్న కోడ్ కావడంతో ఆ వైపు తెలుపు దాదాపు మిగల్లేదు. తమాషా ఏమిటంటే, తెల్ల గోడ మీద అంటించినవన్నీ బాగానే స్కాన్ అయ్యాయి, గోడే క్వైట్ జోన్ అయింది. టేకు తలుపు మీద అంటించినవి మాత్రం మొండికేశాయి. ఒకే పోస్టర్ ఒకచోట పనిచేసి ఇంకోచోట ఎందుకు పనిచేయట్లేదో తెలియక రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అప్పటి నుంచి కాగితం అంచుకీ, తెల్ల డబ్బాకీ మధ్య రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా వదులుతున్నాను.

ఆ ఒక సెంటీమీటరు తెలుపులో "స్కాన్ చేయండి" అని రాయడం, ముగ్గులాంటి బోర్డర్ గీయడం, బాణం గుర్తు దూర్చడం చేయకండి. రాతలన్నీ తెల్ల డబ్బా బయటే. కోడ్‌ని డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది: కొన్ని సైట్లు ఇచ్చే పీఎన్‌జీ ఫైల్లో తెల్ల గళ్ళు నిజంగా తెలుపు కావు, పారదర్శకం. తెల్ల పేజీ మీద చూస్తే తేడా తెలియదు. మెరూన్ మీద పెట్టగానే తెల్ల గళ్ళన్నీ మెరూన్ అయిపోతాయి. కాబట్టి ముందు 92.5 మిల్లీమీటర్ల తెల్ల చదరం వేసి, దాని మధ్యలో కోడ్ పెట్టండి.

రంగు దగ్గర మీరు రెండు పొరపాట్లు కలిపి చేశారు. మొదటిది, ముదురు మీద లేత. క్యూఆర్ మామూలుగా లేత నేల మీద ముదురు గళ్ళని అనుకుంటుంది. ఇలా రంగులు తారుమారైన కోడ్‌ని ఇప్పటి చాలా ఫోన్లు ముదురునీ లేతనీ అటూ ఇటూ మార్చి కూడా ప్రయత్నిస్తాయి, పాత ఫోన్లూ కొన్ని యాప్‌లూ ప్రయత్నించవు. ఒకే కాగితం మీ ఫోన్‌లో అప్పుడప్పుడైనా అయి, నాన్నగారి ఫోన్‌లో అసలు కాకపోవడం వెనక ఇది కూడా ఉంటుంది. రెండోది, బంగారు రంగు. ప్రింటింగ్‌లో బంగారు రంగు అనే సిరా మన మామూలు నాలుగు రంగుల్లో లేదు. పసుపు, ఎరుపు, కొంచెం నలుపు చుక్కలు కలిపి బంగారం అనిపిస్తారు. మీ శాంపిల్‌ని భూతద్దం కింద పెట్టి చూడండి, గడి అంచు గీత గీసినట్టు ఉండదు, రంగు రంగుల చుక్కలతో గీరుకుపోయినట్టు ఉంటుంది. గడి పెద్దదైతే ఇది లెక్కలోకి రాదు. 0.44 మిల్లీమీటర్ల గడికి మాత్రం ప్రాణం మీదకొస్తుంది.

ఫోన్‌కి రంగులతో పనిలేదు, వెలుగు ఎంతన్నదే చూస్తుంది. కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించే కాషాయం కూడా తెలుపు పక్కన బూడిద రంగులో చూస్తే లేతగా తేలిపోతుంది. పసుపు గురించి చెప్పనక్కర్లేదు, తెలుపులో కలిసిపోయినట్టే. అదే మీ పోస్టర్ మెరూన్ చాలా ముదురు, తెలుపు మీద గళ్ళుగా అది పనికొస్తుంది. అనుమానంగా ఉంటే డిజైన్ ఫోటో తీసి ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. గళ్ళు నల్లగా, నేల తెల్లగా విడివిడిగా కనబడితే సరే. రెండూ బూడిదలోకి జారితే ఆ రంగులు వదిలేయండి. నన్నడిగితే తెలుపు మీద నలుపే. ఆ నలుపు కూడా ఒక్క నల్ల సిరాతోనే రావాలి, ప్రెస్ ఆపరేటర్‌కి `K100` అని చెబితే అర్థమవుతుంది. నాలుగు సిరాలూ కలిపిన నలుపైతే, ప్లేట్లు ఏమాత్రం జరిగినా గళ్ళ అంచున ఎర్రటి, నీలి నీడలు వస్తాయి.

పెట్టాల్సిన చోటు గురించి. కింద కుడి మూల అందరికీ అలవాటు, కానీ పోస్టర్‌కి ముందు దెబ్బ తగిలేదీ అక్కడే. టేపు అంటించేది మూలలకే, పిన్నులు గుచ్చేది మూలలకే, గాలికి లేచి వంగేదీ మూలే. వంగిన కాగితం మీద గళ్ళు వంకర పోతాయి. పోస్టర్ కింది మూడో వంతులో, కుడి అంచు నుంచి లోపలికి జరిపి పెట్టండి. బోర్డు మీద పోస్టర్ నడిమి భాగం కంటి ఎత్తుకి వచ్చేలా అంటిస్తే కోడ్ ఛాతీ ఎత్తుకు వస్తుంది, ఫోన్ సహజంగా పట్టుకునే ఎత్తు అదే.

సంగీత సభల దగ్గర నోటీసు బోర్డులకు అద్దాలుంటే, ఎదురుగా ట్యూబ్‌లైటు ఎక్కడుందో చూసుకోండి. అద్దంలో లైటు గీతగా కనిపించే చోట కోడ్ పడితే ఆ గీత కింది గళ్ళన్నీ తెల్లగా మారిపోతాయి. గ్లాసీ లామినేషన్ చేసినా ఇదే బాధ. చేయించి తీరాలంటే మ్యాట్ చేయించండి. అపార్ట్‌మెంట్ లిఫ్టులు మీకు బాగా కలిసొస్తాయి, దూరం అరమీటరే, మనిషికి ఓ నిమిషం ఖాళీ కూడా దొరుకుతుంది. అక్కడ లైటు తల మీద నుంచి పడుతుంది కాబట్టి ఫోన్ నీడ కోడ్ మీద పడకుండా పక్క గోడకు అంటించండి.

ఇదే డిజైన్‌ని ఫ్లెక్సీ చేసి గేటుకి కడదామనుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. రోడ్డుకి అవతలి నుంచి, 5 మీటర్ల దూరంలో స్కాన్ కావాలంటే గడి 20 మిల్లీమీటర్లు, 29 గళ్ళకు 58 సెంటీమీటర్లు, ఖాళీతో కలిపి 74. రెండున్నర అడుగులు. బండి మీద పోయేవాడు ఆగి స్కాన్ చేయడు, ఫ్లెక్సీ మీద ఆ జాగాలో ఫోన్ నంబరు పెద్దగా వేయించడమే మేలు.

మన ఊళ్ళో ఇంకో అలవాటుంది. క్యూఆర్ కనబడగానే చెయ్యి డబ్బులు కట్టే యాప్ మీదకే పోతుంది. ఫామ్ లింకుని అందులో స్కాన్ చేస్తే చాలావరకు అది చెల్లని కోడ్ అంటుంది, వాళ్ళు మీ కోడే పాడైందనుకుంటారు. తెల్ల డబ్బా పైన, బయట, "పేరు నమోదుకు ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి" అని ఒక్క ముక్క రాయించండి.

ప్రెస్‌కి పంపేటప్పుడు కోడ్‌ని ఎస్‌వీజీ ఫైల్‌గా తీసుకుని డిజైన్‌లో పెట్టించండి, ఎంత పెంచినా అంచులు చెదరవు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది బొమ్మని కుదించేసి అంచులు మసక చేస్తుంది. పీడీఎఫ్‌గా, డాక్యుమెంట్ కింద పంపండి. ఆపరేటర్ జాగా కోసం కోడ్‌ని ఒక వైపే సాగదీయకుండా చూడండి.

మళ్ళీ శాంపిల్ తీయించే ముందు ఇంటి దగ్గర జిరాక్స్ షాపులో కోడ్ ఉన్న భాగం మాత్రం ఏ4 మీద ప్రింట్ తీయండి. ప్రింట్ సెట్టింగ్‌లో `Actual size` ఉండాలి, కాగితానికి సర్దమంటే కొలత మారిపోతుంది. స్కేలు పెట్టి కోడ్ 72.5 మిల్లీమీటర్లు వచ్చిందో లేదో చూడండి. గోడకు అంటించి 60 సెంటీమీటర్ల నుంచి, తర్వాత మీటరు నుంచి, ఆపైన పక్కకు జరిగి ఏటవాలుగా స్కాన్ చేయండి. సాయంత్రం లైటు ఆర్పేసి, వరండా వెలుతురులో ఇంకోసారి. మీ ఫోన్‌లో అయిపోతుంది, అది లెక్క కాదు. నాన్నగారి ఫోన్‌లో మీటరు దూరం నుంచి రెండు మూడు సెకన్లలో పట్టుకుంటే 200 కొట్టించేయండి. మీటరు దగ్గర తడబడి 60 దగ్గర పట్టుకున్నా ఫర్వాలేదు. 60 దగ్గర కూడా రెండుసార్లు ఫోన్ ముందుకూ వెనక్కూ జరపాల్సి వస్తే, గడిని 3 మిల్లీమీటర్లు చేయండి. అప్పుడు తెల్ల డబ్బా 11 సెంటీమీటర్లు దాటుతుంది, వీణ బొమ్మ కొంచెం ఎడమకు జరగాల్సి వస్తుంది.